స్నేహితురాలికి దరఖాస్తు రాయకండి

ఫ్రెంచి గురించి మనవాళ్ళలో ఒక అభిప్రాయం బాగా పాతుకుపోయింది. అది మర్యాదల భాష కాబట్టి అందులో ఎవరికి ఏం రాసినా ‘వూ’ అనే గౌరవవాచకంతోనే రాయాలని, పుస్తకంలో ఉన్న పడికట్టు వాక్యాలు దాటి పోకూడదని, మర్యాద ఎక్కువైతే ఎవరూ తప్పు పట్టరు గానీ తక్కువైతే మాట పడాల్సి వస్తుందని అంటారు. ఇంటర్మీడియెట్‌లో సెకండ్ లాంగ్వేజిగా ఫ్రెంచి తీసుకున్న పిల్లలకు చెప్పేదీ ఇదే. పై చదువులకు పారిస్‌కో, లియాన్‌కో, గ్రెనోబుల్‌కో వెళ్ళే వాళ్ళకు ముందు వెళ్ళిన సీనియర్లు చెప్పే జాగ్రత్తా ఇదే.

ఈ సలహా వెనుక మూడు కారణాలు వినిపిస్తాయి. పరాయి భాషలో వ్యాకరణం తప్పితే క్షమిస్తారు, గౌరవం తప్పితే క్షమించరన్నది మొదటిది. జబ్బు, ఆపరేషన్, ఆసుపత్రి వంటి గంభీరమైన సందర్భాల్లో భాష కూడా గంభీరంగా ఉండాలన్నది రెండోది. అచ్చయిన వాక్యాలు తప్పుల్లేనివి కాబట్టి వాటిని ఎత్తి రాసుకోవడమే క్షేమం అన్నది మూడోది.

మూడూ వినడానికి సబబుగానే ఉంటాయి. కానీ ఆసుపత్రిలో ఉన్న స్నేహితురాలికి నాలుగు వాక్యాలు రాయాల్సి వచ్చినప్పుడు మూడూ పనికిరావు. అక్కడ అతిమర్యాద వల్ల మేలు జరగకపోగా నష్టం జరుగుతుంది. ఒంట్లో బాగాలేక మంచం మీద ఉన్న మనిషికి, మనం తన నుంచి దూరం జరిగామని చెప్పినట్టవుతుంది. వ్యాకరణం తప్పిన వాక్యం కన్నా ఇది పెద్ద తప్పు. ఎందుకో ఒక సందర్భం తీసుకుని చూద్దాం.

గ్రెనోబుల్ ఆల్ప్స్ పర్వతాల మధ్య ఉన్న ఊరు. చలికాలంలో అక్కడి విద్యార్థులు సెలవురోజున మంచు కొండలెక్కి స్కీయింగ్ చేయడం మామూలు. అక్కడ చదువుకుంటున్న ఒక తెలుగు అబ్బాయికి కమీల్ అనే క్లాస్‌మేట్ ఉందనుకుందాం. ఇద్దరూ ఒకే ప్రాజెక్టులో పనిచేస్తున్నారు, ఒకే బల్ల దగ్గర కూర్చుని తింటారు, మొదటి వారం నుంచీ ఒకరినొకరు ‘త్యు’ అనే పిలుచుకుంటున్నారు. త్యు అంటే మన ‘నువ్వు’. కమీల్ స్కీయింగ్‌లో పడి కాలు విరగ్గొట్టుకుంది. ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు. ఆ సంగతి లేయా అనే మరో క్లాస్‌మేట్ చెప్పింది. మన అబ్బాయి మనసు చివుక్కుమంది. ఫోన్ తీసి, నేర్చుకున్నదంతా గుర్తు తెచ్చుకుని ఇలా రాశాడు:

Chère Camille,
J'espère que ce message vous trouve en bonne santé. J'ai été profondément attristé d'apprendre votre hospitalisation. Je vous souhaite un prompt rétablissement. N'hésitez pas à me contacter en cas de besoin.
Veuillez agréer l'expression de mes salutations distinguées.

ఇందులో వ్యాకరణ దోషం ఒక్కటీ లేదు. పరీక్ష పేపరు దిద్దే మనిషి ఎర్ర గీత పెట్టడానికి చోటు వెతుక్కోవాలి. కానీ ఇదే సందేశాన్ని మన భాషలో మన స్నేహితుడు పంపితే ఎలా ఉంటుంది? “ఈ సందేశం చేరునప్పటికి తమరు ఆరోగ్యముగా ఉన్నారని తలుస్తాను. తమరు ఆసుపత్రిలో చేరిన విషయము తెలిసి తీవ్రముగా విచారించితిని. తమరు సత్వరమే కోలుకోవాలని ఆకాంక్షిస్తున్నాను. అవసరమైనచో సంప్రదించగలరు. ఇట్లు, భవదీయుడు.” నిన్నటిదాకా పక్కన కూర్చుని ఒకే ప్లేట్లో తిన్నవాడు ఇది పంపితే మనకు మొదట వచ్చే అనుమానం ఒకటే. వీడికి నామీద కోపం వచ్చిందా?

కమీల్‌కూ అదే అనుమానం వస్తుంది. మొదటి వాక్యం నుంచీ వరుసగా చూస్తే అది ఎందుకు వస్తుందో అర్థమవుతుంది.

ఈ సందేశం మిమ్మల్ని ఆరోగ్యంగా చూస్తుందని ఆశిస్తున్నానన్న మొదటి వాక్యం అసలు ఫ్రెంచి పద్ధతే కాదు. ఇంగ్లీషు ఉత్తరాల్లో మొదట వచ్చే మాటను మాటకు మాట దించితే వచ్చినది. ఈమధ్య ఆఫీసు మెయిళ్ళలో అక్కడక్కడా కనిపిస్తున్నా, చదివిన ఫ్రెంచివాళ్ళకు అనువాదం వాసన కొడుతుంది. అంతకన్నా పెద్ద ఇబ్బంది దాని అర్థంలో ఉంది. కాలికి కట్టుతో పడుకున్న మనిషిని ఆరోగ్యంగా ఉన్నావని తలుస్తున్నానని పలకరించడం ఏ భాషలోనూ పలకరింపు కాదు. రాసినవాడి మనసులో కమీల్ ఉంది గానీ, వాక్యంలో లేదు. పడికట్టు మాటలతో వచ్చే మొదటి నష్టం ఇది. అవి ఎవరికోసమో ముందే తయారై ఉంటాయి కాబట్టి, ఎదుట ఉన్న మనిషి పరిస్థితి వాటికి పట్టదు.

రెండో సంగతి ‘వూ’. ఇక్కడే అసలు తగువు. మనవాళ్ళ లెక్కలో వూ ఎప్పుడూ క్షేమం, త్యు ఎప్పుడూ సాహసం. ఈ లెక్క కొత్తవాళ్ళ దగ్గర సరిపోతుంది. దుకాణంలో, ఆఫీసులో, ప్రొఫెసర్ దగ్గర, ఇంటి ఓనరు దగ్గర వూ అనే మొదలుపెట్టాలి. అందులో నాకు భిన్నాభిప్రాయం లేదు. కానీ ఒకసారి త్యు లోకి వచ్చిన ఇద్దరి మధ్య వూ ఇక మర్యాదవాచకంగా మిగలదు. అది వెనకడుగు అవుతుంది. ఈ సంగతి తెలుగువాళ్ళకు వేరేవాళ్ళు చెప్పాల్సిన పని లేదు. నువ్వు అని పిలిచే స్నేహితుణ్ణి ఉన్నట్టుండి “మీరు చెప్పండి, మీ ఇష్టం” అంటే గౌరవం పెరిగినట్టా, తెగతెంపులు చేసుకున్నట్టా? మీరు, నువ్వుల మధ్య తేడాను పుట్టుకతో తెలిసినవాళ్ళం మనం. ఇంగ్లీషు ఒక్కటే తెలిసిన మనిషికి ఈ తేడా కొత్తగా నేర్పాలి. మనకు అక్కర్లేదు. అయినా ఫ్రెంచి దగ్గరకు వచ్చేసరికి ఇంట్లో ఉన్న ఈ తెలివిని గుమ్మం బయట వదిలి, ఇంగ్లీషులో రాసిన పాఠ్యపుస్తకం చెప్పిన నియమాన్నే పట్టుకుంటున్నాం. నా బాధ అంతా ఇదే.

వూ లో ఆప్యాయత ఉండదా అని అడిగేవాళ్ళున్నారు. తప్పకుండా ఉంటుంది. పదిహేడో శతాబ్దపు మదామ్ ద సెవిన్యె ప్రోవాన్స్‌కు వెళ్ళిపోయిన కూతురికి 1671 నుంచి ఏళ్ళ తరబడి ఉత్తరాలు రాసింది. ఫ్రెంచి సాహిత్యంలో తల్లి ప్రేమకు అంతకన్నా గొప్ప సాక్ష్యం చూపించడం కష్టం. అవన్నీ వూ తోనే ఉంటాయి. కానీ ఆ కాలపు ఆ వర్గంలో తల్లీకూతుళ్ళ మధ్య వూ అన్నది రోజువారీ మాట. సెవిన్యె తన కూతురితో రోజూ మాట్లాడే భాషలోనే రాసింది, జబ్బు చేసిందని భాష మార్చలేదు. కాబట్టి ఈ ఉదాహరణ అతిమర్యాద పక్షానికి పనికిరాదు, నా వాదనకే పనికొస్తుంది. మీరు ఆ మనిషితో ఎలా మాట్లాడతారో అలాగే రాయాలి. త్యు అయితే త్యు, వూ అయితే వూ. జబ్బు చేసినంత మాత్రాన ఆ వరస మారదు.

ఇక ‘ప్రోఁ రెతాబ్లిస్‌మాఁ’, అంటే సత్వర స్వస్థత. ఫ్రాన్సులో ఈ మాట ఎవరు వాడతారో చూడండి. ఒక మంత్రికి ఆపరేషన్ జరిగితే మరో మంత్రి చేసే ప్రకటనలో ఉంటుంది. ఉద్యోగికి కంపెనీ యాజమాన్యం పంపే కార్డులో ఉంటుంది. మన పత్రికల్లో ఫలానా నాయకుడు త్వరగా కోలుకోవాలని ముఖ్యమంత్రి ఆకాంక్షించారు అని వస్తుందే, సరిగ్గా ఆ స్థాయి మాట అది. తప్పు మాట కాదు, దాని చోటు వేరు. మనకు బాగా పరిచయం లేని ప్రొఫెసర్‌కో, ఇంటి ఓనరుకో రాసేటప్పుడు నిస్సంకోచంగా వాడవచ్చు. దాని తమ్ముడు లాంటి ‘బోఁ రెతాబ్లిస్‌మాఁ’ ఇంకా వాడుకలో ఉన్న మాట. ఆఫీసులో తోటివాళ్ళకూ పొరుగువాళ్ళకూ అది చక్కగా సరిపోతుంది. స్నేహితులూ చివర్లో ఒక మాటగా అంటారు. కానీ స్నేహితురాలికి పంపే సందేశం మొత్తం అదే అయితే, ఆఫీసులో అందరూ సంతకాలు పెట్టిన కార్డులో మనదీ ఒక సంతకం అయినట్టుంటుంది. స్నేహితుల మధ్య క్రియతో మాట్లాడతారు. ‘ర్మే త్వా వీత్’ అంటే త్వరగా కోలుకో, ‘ర్పోజ్ త్వా బియాఁ’ అంటే బాగా విశ్రాంతి తీసుకో. మనమూ అంతే కదా! స్నేహితుడితో త్వరగా లేచి రారా అంటాం గానీ, సత్వర స్వస్థతను ఆకాంక్షించం.

అవసరమైతే సంప్రదించడానికి సంకోచించవద్దన్న వాక్యం ఉదారంగా కనిపిస్తుంది గానీ భారమంతా రోగి మీద వేస్తుంది. ఏం అడగాలో ఆమే ఆలోచించుకోవాలి, అడగవచ్చో లేదో ఆమే తేల్చుకోవాలి, మొహమాటాన్ని ఆమే దాటాలి. మంచం మీద ఉన్న మనిషికి ఆ ఓపిక ఉండదు. అందుకే ఆ వాక్యం చూసి ఎవరూ ఏదీ అడగరు. మనం చేయగలిగిన ఒక చిన్న పని మనమే చెప్పడం మేలు. క్లాసులో నోట్సు రాసి ఉంచడం, గదిలో మొక్కలకు నీళ్ళు పోయడం, ఫోన్ ఛార్జర్ తెచ్చి ఇవ్వడం, వీటిలో ఏదైనా ఒకటి. చేస్తానని చెప్పిన పని సందేశానికి ప్రాణం పోస్తుంది. ఎందుకంటే అది ఆ మనిషికి తప్ప మరొకరికి పంపలేని వాక్యం.

చివరి వాక్యం గురించి వేరుగా చెప్పాలి. విశిష్ట నమస్కారాల వ్యక్తీకరణను స్వీకరించగలరు అనే ఆ పొడుగాటి ముగింపు మన అబ్బాయికి ఎక్కడిది? ఫ్రాన్సులో దిగిన తెలుగు విద్యార్థి రాసే మొదటి ఫ్రెంచి ఉత్తరాలు ఎవరికో గమనిస్తే తెలుస్తుంది. రెసిడెన్స్ పర్మిట్ కోసం ప్రెఫెక్చర్‌కు రాస్తాడు, ఇంటి అద్దె సాయం కోసం రాస్తాడు, బ్యాంకుకు రాస్తాడు. ఆ ఉత్తరాలన్నీ ఇలాగే ముగుస్తాయి, ముగియాలి కూడా. రాతలో అతను ఎరిగిన ఫ్రెంచి అంతా దరఖాస్తుల ఫ్రెంచే కాబట్టి స్నేహితురాలికి కూడా దరఖాస్తే రాశాడు. తప్పు అతని మనసులో లేదు, అతనికి అందిన నమూనాలో ఉంది. మెయిళ్ళ చివర వచ్చే ‘కోర్ద్యాల్‌మాఁ’ కూడా ఈ కోవలోదే. నిఘంటువులో దానికి హృదయపూర్వకంగా అన్న అర్థం కనిపిస్తుంది. వాడుకలో మాత్రం అది ఆఫీసు మెయిలు సంతకానికి ముందుండే మాట. స్నేహితులకు అది చల్లగా తగులుతుంది.

మరి ఏం రాయాలి? అదే అబ్బాయి, అదే కమీల్, అదే సాయంత్రం:

Coucou Camille,
Léa m'a dit que tu étais à l'hôpital. Ma pauvre, quelle poisse ! J'espère que l'opération s'est bien passée et que tu n'as pas trop mal. Je prends les notes pour toi, tu nous manques en TP. Repose-toi bien, pas besoin de répondre.
Je t'embrasse

తెలుగులో దాని భావం ఇది: “కమీల్, నువ్వు హాస్పిటల్లో ఉన్నావని లేయా చెప్పింది. అయ్యో, ఎంత పని జరిగింది! ఆపరేషన్ బాగానే జరిగిందనీ, నొప్పి మరీ ఎక్కువ లేదనీ అనుకుంటున్నా. నీకోసం నోట్సు రాస్తున్నాను, ల్యాబ్‌లో నువ్వు లేని లోటు తెలుస్తోంది. బాగా రెస్ట్ తీసుకో, జవాబు రాయక్కర్లేదు.” చివర ఆప్యాయంగా ఒక వీడ్కోలు.

ఇందులో గొప్ప పదాలు లేవు. ఏడాది ఫ్రెంచి చదివిన వాళ్ళు రాయగలిగినదే. మొదటి మాట ‘కూకూ’ దగ్గరి వాళ్ళ పలకరింపు. మగ స్నేహితుల మధ్య ‘సల్యు’ ఎక్కువ వినిపిస్తుంది, ఎవరికైనా ‘బోఁజూర్’ కూడా తప్పు కాదు. ఆ తర్వాత ఈ సంగతి ఎవరు చెప్పారో చెప్పడం ఉంది. జబ్బు సంగతి ఎవరి నోట ఎవరికి చేరిందోనన్న ఆరాటం రోగికి ఉంటుంది కాబట్టి, లేయా పేరు చెప్పడం ఒక నిజాయితీ.

ఆ వాక్యంలోనే మనవాళ్ళు తడబడే చోటు ఒకటుంది. ‘ఉన్నావని చెప్పింది’ అనడానికి తెలుగులో కాలం మార్చం. ఫ్రెంచిలో చెప్పడం గతంలో జరిగింది కాబట్టి ఉండటం కూడా గతరూపంలోకి వెళ్తుంది, అందుకే ‘ఎతే’. అలా రాస్తే ఒకప్పుడు ఉండేదానివి, ఇప్పుడు లేవు అన్న అర్థం వస్తుందేమోనని చాలామంది భయపడతారు. ఆ భయం అక్కర్లేదు. ఇంకా ఉన్నావనే అర్థం.

తర్వాతి మాట ‘మా పోవ్ర్’, అచ్చంగా మన ‘అయ్యో పాపం’. మగవాడికైతే ‘మోఁ పోవ్ర్’. దాని వెనకే వచ్చే ‘కెల్ ప్వాస్’ అంటే ఎంత దురదృష్టం అని వాడుకలో అనేది. విరిగిన కాలికి, అపెండిసైటిస్‌కు, మోకాలి ఆపరేషన్‌కు, అంటే మనిషి లేచి తిరుగుతుందని అందరికీ తెలిసిన కష్టానికి ఈ మాట సరిపోతుంది. దాని హద్దు ఏమిటో కాసేపట్లో చెబుతాను.

‘త్యు ను మాఁక్’ దగ్గర ఇంకో గోతి ఉంది. ఫ్రెంచిలో లోటుగా ఉన్న మనిషి కర్త, ఆ లోటు ఎవరికి తెలుస్తోందో వాళ్ళు కర్మ. ఇంగ్లీషు మీదుగా ఆలోచించి రాసేవాళ్ళు దీన్ని తిరగేసి, నేను లేక నువ్వు బెంగపెట్టుకున్నావు అని అర్థం వచ్చేలా రాస్తారు. తెలుగులో నేరుగా ఆలోచిస్తే ఈ పొరపాటు రాదు. ‘నువ్వు మాకు లోటు’ అనుకుని రాయండి, వరస సరిగ్గా కుదురుతుంది.

‘జవాబు రాయక్కర్లేదు’ అన్న మాట ఈ సందేశానికి వెన్నెముక అంటాను. మందుల మగతలో ఉన్న మనిషి ఫోన్ తెరిస్తే ఇరవై సందేశాలుంటాయి. ప్రతి ఒక్కటీ ఒక జవాబు బాకీ. ఆ బాకీని మనమే కొట్టేయడం మనం ఇవ్వగలిగిన విశ్రాంతి. లాంఛనపు సందేశం ఈ పని చేయలేదు. లాంఛనానికి జవాబు లాంఛనమే కాబట్టి, కృతజ్ఞతలు చెప్పే పని రోగికి కొత్తగా వచ్చిపడుతుంది. ఇదే మాటను ‘ఒబ్లిజే’ అనే విశేషణంతో, మొహమాటపడకు అన్నట్టు కూడా రాయవచ్చు. అప్పుడు స్నేహితురాలైతే చివర మరో e చేర్చాలి. ‘నువ్వు’లో ఆడామగా తేడా లేని తెలుగువాళ్ళు తరచూ మరిచిపోయేది ఇదే. పై సందేశంలో ఉన్న రూపం వాడితే ఆ ఇబ్బందీ లేదు.

నిడివి గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఫ్రెంచి నేర్చుకునేవాళ్ళు రాసే డెల్ఫ్ పరీక్షలో ఏ2 స్థాయిలో ఒక్కో చిన్న రచనకు కనీసం 60 పదాలు అడుగుతారు. పై సందేశంలో అంతకన్నా తక్కువే ఉన్నాయి. పరీక్షలో ఎంత భాష వచ్చో చూపించాలి, ఆసుపత్రి సందేశంలో చూపించాల్సింది ఏమీ లేదు. పొట్టిగా రాస్తే పట్టనట్టుంటుందని మనవాళ్ళు భయపడి, ఏమైంది, ఎలా పడ్డావు, డాక్టరు ఏమన్నాడు, రిపోర్టు ఏమొచ్చింది, ఎన్నాళ్ళుంటావు అని ప్రశ్నలు చేరుస్తారు. మన ఊళ్ళో అవి ఆత్మీయత. అడగకపోతేనే నిష్ఠూరం. ఫ్రాన్సులో ఒంటి సంగతి ఎవరికి ఎంత చెప్పాలో రోగి ఇష్టానికి వదిలేయడం మర్యాద. నొప్పి ఎక్కువ లేదనుకుంటున్నా అన్నప్పుడు, చెప్పాలనుకుంటే తలుపు తెరిచే ఉంటుంది. ప్రశ్నల జాబితా పెడితే ఆ తలుపు మీద తట్టడం మొదలవుతుంది. చూడ్డానికి వెళ్ళాలనుకున్నా, రావచ్చా అని ఒక్క వాక్యంలో అడగాలి. మన దగ్గరలా పండ్ల సంచీతో చెప్పకుండా వెళ్ళడం అక్కడి పద్ధతి కాదు.

సందేశంతో పాటు పూల బొమ్మ పంపే అలవాటు ఉన్నవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. మనకు చామంతి మంగళకరం, పూజకూ పెళ్ళికీ అదే. ఫ్రాన్సులో నవంబర్ 1న సర్వ పునీతుల పండుగకు సమాధుల మీద పెట్టేది చామంతులనే. ఆసుపత్రిలో ఉన్న మనిషికి పంపకూడని పువ్వు ఏదైనా ఉంటే అది ఇదే. 

ఇప్పుడు ఆ ముగింపు, ‘జ తాఁబ్రాస్’. మాటకు మాట చూస్తే నిన్ను ముద్దాడుతున్నాను, కౌగిలించుకుంటున్నాను అని అర్థం రావడంతో మనవాళ్ళు ఇక్కడ గట్టిగా ఆగిపోతారు. ఒక అబ్బాయి అమ్మాయికి ఇలా రాస్తాడా అంటారు. ఫ్రాన్సులో అమ్మ కొడుక్కి రాసేది, మేనత్త మేనల్లుడికి రాసేది, స్నేహితురాలు స్నేహితుడికి రాసేది అదే. దగ్గరి మగ స్నేహితులు కూడా రాసుకుంటారు. చెంపకు చెంప తాకించి పలకరించుకునే సమాజంలో అది ప్రేమ ప్రకటన కాదు, మన ‘ఉంటా మరి’ అంత మామూలు వీడ్కోలు. ప్రేమ ప్రకటనకు వేరే మాట ఉంది, అది ఎవరూ పొరపాటున రాయరు. అయినా చెయ్యి ఆడని వాళ్ళను బలవంతం చేయను. ‘బీజ్’ అని ఒక్క మాట రాయవచ్చు. అదీ వద్దనుకుంటే ‘ఆ త్రె వీత్’, త్వరలోనే కలుద్దాం అని ముగించవచ్చు. వీటిలో ఏదైనా స్నేహం హద్దులోనే ఉంటుంది. ఆ హద్దు దాటేది దరఖాస్తు ముగింపు ఒక్కటే.

ఇక ప్రత్యర్థుల బలమైన అభ్యంతరానికి వస్తాను. జబ్బు నిజంగా పెద్దదైతే? క్యాన్సర్ అని తేలితే, కోలుకోవడం అనుమానమైతే, అప్పుడూ కూకూ, ప్వాస్ అంటామా? అనకూడదు. ఇందాక హద్దు అన్నది దీని గురించే. విరిగిన కాలుకు తగిన తేలికతనం ప్రాణం మీదికి వచ్చిన చోట గాయం చేస్తుంది. కానీ ఆ తేలికతనం తీసేసి మర్యాద సూత్రాలు పెడితే సరిపోతుందన్న చోటే మా దారులు విడిపోతాయి. అలాంటి సమయంలో మొదట తీసేయాల్సింది ‘ప్రోఁ రెతాబ్లిస్‌మాఁ’నే. కోలుకోలేనని తెలిసిన మనిషికి సత్వరమే కోలుకోవాలని రాయడం, ఆమె పరిస్థితి మనకు అర్థం కాలేదని చెప్పడమే. గంభీరమైన చోట గంభీరమైన పడికట్టు మాట కావాలన్న సూత్రం అత్యంత అవసరమైన చోటే విఫలమవుతోంది. అక్కడ రాయాల్సింది ఇలా ఉంటుంది:

Camille,
Je ne sais pas trop quoi te dire, mais je pense à toi. Si tu as envie d'une visite, dis-le-moi et je viens. Sinon, je t'écrirai de temps en temps, sans attendre de réponse.
Je t'embrasse très fort

ఏం చెప్పాలో తెలియట్లేదని ఒప్పుకోవడం, పిలిస్తే వస్తాననడం, పిలవకపోయినా అప్పుడప్పుడూ రాస్తాననడం, అంతే. నవ్వు లేదు, నవ్వు స్థానంలో బిగింపూ లేదు. త్యు మాత్రం అలాగే ఉంది. పరిస్థితి ఎంత బరువెక్కితే ఆ ‘నువ్వు’ అంత అవసరమవుతుంది. చుట్టూ తెల్లకోట్లు వేసుకున్నవాళ్ళంతా మేడమ్, వూ అంటున్న చోట, త్యు అనే గొంతు ఆమె బయటి జీవితం నుంచి వచ్చేది.

ఇంకో అభ్యంతరం కూడా న్యాయమైనదే. ఆసుపత్రిలో ఉన్నది మనం వూ అని పిలిచే పెద్దావిడ అయితే? పై అంతస్తులో ఉంటూ అప్పుడప్పుడూ కేకు ముక్క ఇచ్చే పొరుగావిడ అనుకోండి. అప్పుడు త్యు లోకి దూకమని నేను అనను. వూ తోనే, ఆఫీసు భాష లేకుండా రాయవచ్చు. బాగా విశ్రాంతి తీసుకోండి, మీరు లేక మెట్లు బోసిపోయాయి, మీ మొక్కలకు నీళ్ళు పోస్తున్నాను, మీ గురించే అనుకుంటున్నాను అని రాస్తే ఆ వూ లో కావాల్సినంత వెచ్చదనం ఉంటుంది. ఆప్యాయత సర్వనామం ఒక్కదానిలోనే లేదు. ఇద్దరి మధ్య ఉన్న వరసను మార్చకపోవడంలో, ఆ మనిషికి మాత్రమే చెందిన ఒక మాట చెప్పడంలో, తిరిగి ఏమీ అడగకపోవడంలో ఉంది.

మొదట చెప్పిన మూడు కారణాలకు ఇప్పుడు జవాబు చెప్పవచ్చు. గౌరవం తప్పితే క్షమించరన్నది నిజమే. కానీ స్నేహితుల మధ్య గౌరవం అంటే వాళ్ళిచ్చిన చనువును వెనక్కి ఇచ్చేయకపోవడం. త్యు అని పిలవమన్న మనిషిని వూ అనడమే అక్కడ గౌరవం తప్పడం. గంభీరమైన చోట గంభీరమైన భాష కావాలన్న మాటకు, ప్రాణాపాయంలో ఉన్న మనిషికి ఆ గంభీర సూత్రమే ఎలా తప్పిపోయిందో చూశాం. అచ్చు వాక్యాల్లో తప్పులుండవన్నది వ్యాకరణం వరకే నిజం. ‘ఎతే’ మీద గుర్తు తప్పినా, ఒక e ఎగిరిపోయినా కమీల్ పట్టించుకోదు. పరాయి దేశం నుంచి వచ్చినవాడు తన భాషలో తనకోసం కష్టపడి రాశాడని సంతోషిస్తుంది. తప్పుల్లేని దరఖాస్తుకు ఆ సంతోషం లేదు.

ఫ్రెంచి చెప్పే మా తోటి ఉపాధ్యాయులను నేను అడిగేది ఒక్కటే. లాంఛనపు ఉత్తరం నేర్పండి, ప్రెఫెక్చర్ గుమ్మం దగ్గర మన పిల్లలకు అది అక్కరకొస్తుంది. కానీ అదే బోర్డు మీద, అదే రోజు, పక్కనే స్నేహితురాలికి రాసే నాలుగు వాక్యాలు కూడా రాయండి. ఒకే జబ్బు, ఒకే ఆసుపత్రి, ఇద్దరు వేర్వేరు మనుషులు అని చెప్పి రెండూ రాయించండి. నువ్వు, మీరు తేడా పుట్టుకతో వచ్చిన పిల్లలకు ఇది ఒక్క పీరియడ్ పని. ఫ్రెంచిని మర్యాదల భాష అనుకోవడం తప్పు కాదు. ఆ మర్యాదలో చనువుకు కూడా తన చోటు ఉందని మరిచిపోవడమే తప్పు. స్నేహితురాలు మంచం పట్టినప్పుడు మనం నిలబడాల్సింది ఆ చోటే.